కీఫ్రేమ్ యానిమేషన్‌లో ఈజింగ్ వక్రరేఖలు: పేరు పట్టీ, లోగోల సహజ చలనం

4.1 ప్రవేశిక

టీవీలో ఒకరు మాట్లాడుతున్నప్పుడు తెర కింది భాగంలో వారి పేరు, హోదా చూపే పట్టీ ఒకటి వస్తుంది. దీన్ని లోయర్ థర్డ్ అంటారు. మన న్యూస్‌రూముల్లో ఆస్టన్ అనే మాట కూడా వినిపిస్తుంది. ఈ పట్టీ ఎడమవైపు నుంచి జారుతూ వచ్చి, మూడు సెకన్లు నిలిచి, తిరిగి వెళ్లిపోతుంది. చేయడానికి ఇంతకంటే తేలికైన పని ఉండదనిపిస్తుంది. అయినా కొత్తగా నేర్చుకునేవారు చేసిన పట్టీని, అనుభవం ఉన్నవారు చేసిన పట్టీని పక్కపక్కన పెడితే తేడా ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. రంగులు, అక్షరాలు, దూరం, సమయం అన్నీ ఒకటే అయినా సరే, ఒకటి గీసిన గీత మీద బలవంతంగా తోసినట్టు ఉంటుంది, మరొకటి తనంతట తాను వచ్చి ఆగినట్టు ఉంటుంది. ఆ తేడా ఎక్కడుందో ఈ పాఠంలో లెక్కతో సహా చూద్దాం. ముందు పేరు పట్టీని, ఆ తరవాత పైనుంచి పడి ఎగిరే లోగోను ఉదాహరణలుగా తీసుకుందాం.

ఉదాహరణలు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చెబుతాను. అది మీ దగ్గర లేకపోతే ఉచితంగా దొరికే బ్లెండర్‌లో ఇదే పని ఎలా చేయాలో మధ్యలో సూచిస్తాను. సూత్రం రెండింటికీ ఒకటే.

4.2 కీఫ్రేమ్ చెప్పేది, చెప్పనిది

చేత్తో బొమ్మలు గీసే రోజుల్లో ముఖ్య యానిమేటర్ ఒక కదలికలోని కీలకమైన భంగిమలను మాత్రమే గీసేవాడు. మధ్య బొమ్మలను సహాయకులు పూర్తిచేసేవారు. ముఖ్య యానిమేటర్ తన బొమ్మ పక్కన ఒక చిన్న గీత గీసి, దానిమీద అడ్డగీతలు పెట్టి, మధ్య బొమ్మలు ఎక్కడ దగ్గరగా, ఎక్కడ దూరంగా ఉండాలో సూచించేవాడు. గీతలు దగ్గరగా ఉన్నచోట కదలిక నెమ్మది, ఎడంగా ఉన్నచోట వేగం. డిస్నీ స్టూడియోకు చెందిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ప్రచురించిన పుస్తకంలో వివరించిన 12 యానిమేషన్ సూత్రాల్లో ఇదీ ఒకటి.

మధ్య బొమ్మల పనిని కంప్యూటర్‌కు అప్పగించే ప్రయత్నం కెనడా జాతీయ పరిశోధన మండలిలో నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్ చేశారు. వారి విధానంతో పీటర్ ఫోల్డెస్ తీసిన లఘుచిత్రం ‘హంగర్’ 1974లో వచ్చింది. ఇప్పుడు మీ కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే పని: రెండు కీఫ్రేముల మధ్య విలువలను పూరించడం. దీన్ని అంతర్వేశనం అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ‘0వ ఫ్రేములో ఇక్కడ ఉండాలి, 20వ ఫ్రేములో అక్కడ ఉండాలి’ అని మాత్రమే కీఫ్రేమ్ చెబుతుంది. మధ్యలో ఎంత వేగంతో ప్రయాణించాలో చెప్పదు. మీరేమీ చెప్పకపోతే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ దూరాన్ని సమానంగా పంచేస్తుంది. ముఖ్య యానిమేటర్ గీసిన అడ్డగీతలకు బదులుగా మనకు ఉన్నదే ఈజింగ్ వక్రరేఖ.

4.3 సమవేగం ఎందుకు అసహజంగా కనిపిస్తుంది?

మన పట్టీ కొలతలు అనుకుందాం. తెర 1920×1080 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. పట్టీ వెడల్పు 600 పిక్సెళ్లు. దాని యాంకర్ పాయింట్ ఎడమ అంచున ఉంది. మొదట ఎడమ అంచు X విలువ -600, అంటే పట్టీ మొత్తం తెర బయట ఉంది. చివరకు X విలువ 200 దగ్గర ఆగాలి. (తెర అంచు నుంచి పది శాతం, అంటే 192 పిక్సెళ్లు వదిలిపెట్టే పాత సంప్రదాయానికి ఇది సరిపోతుంది.) ప్రయాణం 800 పిక్సెళ్లు, సమయం 20 ఫ్రేములు, అంటే 0.8 సెకను.

సమంగా పంచితే ఒక్కో ఫ్రేముకు 40 పిక్సెళ్లు. సెకనుకు 1000 పిక్సెళ్ల వేగం. 19వ ఫ్రేము దాకా అదే వేగంతో వచ్చిన పట్టీ 20వ ఫ్రేములో ఒక్కసారిగా సున్నా వేగానికి పడిపోతుంది. బరువున్న వస్తువు ఏదీ అలా ఆగదు, గోడకు గుద్దుకుంటే తప్ప. ఆర్టీసీ బస్సు స్టాపులో ఆగడం తలచుకోండి. డ్రైవరు ఒకే ఒత్తిడితో బ్రేకు నొక్కి ఉంచితే వేగం క్రమంగా, సమానమైన రేటుతో తగ్గుతుంది. మన కంటికి చిన్నప్పటి నుంచి అలవాటైన ఆగడం అది. ఆ అలవాటుకు భిన్నంగా ఆగినదాన్ని కన్ను వెంటనే పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా.

4.4 వేగపు గ్రాఫును చదవడం

ఇప్పుడు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పట్టీ లేయరును ఎంచుకుని P నొక్కండి. Position కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి Separate Dimensions ఎంచుకుంటే X, Y విడివిడిగా వస్తాయి. 0వ ఫ్రేములో X పక్కనున్న స్టాప్‌వాచ్ గుర్తు నొక్కి -600 ఇవ్వండి. 20వ ఫ్రేముకు వెళ్లి 200 ఇవ్వండి. రెండు కీఫ్రేములు పడ్డాయి. Shift+F3 నొక్కితే గ్రాఫ్ ఎడిటర్ తెరుచుకుంటుంది. అక్కడ Edit Speed Graph ఎంచుకోండి.

కనిపించేది ఒక అడ్డగీత, 1000 ఎత్తులో. అడ్డంగా సమయం, నిలువుగా వేగం. ఈ గీత కింద ఉన్న దీర్ఘచతురస్రపు వైశాల్యం ఎంత? 1000ని 0.8తో గుణిస్తే 800. అది మన ప్రయాణ దూరం. ఈ ఒక్క విషయం మీకు పట్టుబడితే ఈజింగ్‌లో సగం అర్థమైనట్టే. కీఫ్రేముల విలువలు, సమయం మార్చనంత వరకు వేగపు గ్రాఫ్ కింది వైశాల్యం మారదు. ఒకచోట గీతను కిందికి నొక్కితే మరొకచోట అది పైకి లేవాల్సిందే. చాలామంది ‘చివర నెమ్మది చేశాను, కానీ మొదట్లో ఎగిరి పడుతోందేమిటి?’ అని అడుగుతారు. చివర తగ్గించిన దూరం ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా!

బస్సు ఆగినట్టు మన పట్టీ ఆగాలంటే వేగం ఒక ఎత్తు నుంచి సున్నాకు తిన్నగా దిగాలి. అంటే దీర్ఘచతురస్రం స్థానంలో త్రిభుజం. వైశాల్యం మళ్లీ 800 కావాలంటే త్రిభుజం ఎత్తు 2000 ఉండాలి, ఎందుకంటే 2000ని 0.8తో గుణించి సగం చేస్తే 800. కాబట్టి పట్టీ సెకనుకు 2000 పిక్సెళ్ల వేగంతో బయలుదేరి సున్నాకు దిగుతుంది.

దీన్ని కచ్చితంగా ఇవ్వడానికి మొదటి కీఫ్రేమును ఎంచుకుని Ctrl+Shift+K నొక్కండి. Keyframe Velocity అనే పెట్టె వస్తుంది. Outgoing Velocity దగ్గర 2000, Influence దగ్గర 33.33 ఇవ్వండి. రెండో కీఫ్రేముకు Incoming Velocity 0, Influence 33.33. Influence అంటే పక్క కీఫ్రేము దిశగా ఆ హ్యాండిల్ ఎంత దూరం సాగుతుందో చెప్పే శాతం. రెండు వైపులా మూడో వంతు ఉన్నప్పుడు వేగపు గీత సరిగ్గా తిన్నగా దిగుతుంది.

ఇప్పుడు పట్టీ 5వ ఫ్రేముకే 350 పిక్సెళ్లు వచ్చేస్తుంది. 10వ ఫ్రేముకు 600, 15వ ఫ్రేముకు 750. చివరి అయిదు ఫ్రేముల్లో మిగిలిన 50 పిక్సెళ్లు మెల్లగా పూర్తిచేస్తుంది. సమవేగంలో ఇవి 200, 400, 600గా ఉండేవి. ఇంకో లాభం కూడా ఉంది. పదో ఫ్రేము నుంచే పట్టీ నెమ్మదించింది కాబట్టి ప్రేక్షకుడి కన్ను పేరు చదవడం ముందుగానే మొదలుపెడుతుంది.

బ్లెండర్‌లో అయితే గ్రాఫ్ ఎడిటర్‌లో కీఫ్రేములు ఎంచుకుని T నొక్కి Quadratic, తరవాత Ctrl+E నొక్కి Ease Out ఎంచుకోండి. ఇదే త్రిభుజం వస్తుంది.

పేర్ల విషయంలో ఒక గందరగోళం ఉంది, ముందే చెప్పడం మంచిది. బ్లెండర్‌లోను, వెబ్ పేజీలకు వాడే సీఎస్ఎస్‌లోను ఈజ్ అవుట్ అంటే చివర నెమ్మదించడం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మాత్రం ఒక్కో కీఫ్రేము దృష్టితో మాట్లాడుతుంది. కీఫ్రేములోకి వచ్చేటప్పుడు నెమ్మదిస్తే Easy Ease In, కీఫ్రేము నుంచి బయలుదేరేటప్పుడు నెమ్మదిగా ఉంటే Easy Ease Out. అంటే ఒకే కదలికకు రెండు చోట్లా వ్యతిరేకమైన పేర్లు! పేరును నమ్మకండి, గ్రాఫును చూడండి. గీత ఎక్కడ సున్నాను తాకుతుందో అక్కడ వస్తువు నెమ్మదిస్తుంది.

4.5 F9 అన్నిచోట్లా ఎందుకు పనికిరాదు?

రెండు కీఫ్రేములను ఎంచుకుని F9 నొక్కితే Easy Ease వస్తుంది. మొదట, చివర రెండు చోట్లా వేగం సున్నా అవుతుంది, మధ్యలో గుట్టలా లేస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది కాబట్టి చాలామంది నేర్చుకునేది ఈ ఒక్క మీటతోనే ఆగిపోతుంది. తెర మీద ఒకచోట నిలిచి ఉన్న వస్తువు మరొకచోటికి జరిగి మళ్లీ నిలవాలంటే ఇది సరైనదే. నిలిచినది కదలాలి, కదిలినది ఆగాలి, రెంటికీ నెమ్మది అవసరం.

మన పట్టీ అలాంటిది కాదు. అది తెర బయటి నుంచి వస్తోంది. అది బయలుదేరడం ప్రేక్షకుడు చూడడు. చూడని బయలుదేరడానికి నెమ్మది ఇస్తే ఏమవుతుందో లెక్కించండి. F9 ఇచ్చినప్పుడు మొదటి ఫ్రేములో పట్టీ కదిలేది సుమారు 6 పిక్సెళ్లు. 5వ ఫ్రేముకు 125 పిక్సెళ్లు మాత్రమే. ఇందాక అదే సమయానికి 350 వచ్చింది. యాంకర్ పేరు చెప్పాక పట్టీ రావడం కాస్త ఆలస్యమైనట్టు, బద్ధకంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కొందరు దీనికి విరుగుడుగా మొత్తం సమయాన్ని 12 ఫ్రేములకు కుదించేస్తారు. అప్పుడు ఆగడం కూడా హడావుడిగా మారి, మొదటికే మోసం వస్తుంది. తప్పు సమయంలో లేదు, గ్రాఫు ఎడమ సగంలో ఉంది.

వెళ్లిపోయేటప్పుడు దీనికి అద్దం పట్టినట్టు చేయండి. పట్టీ తెర మీద నిలిచి ఉంది కాబట్టి బయలుదేరడంలో నెమ్మది కావాలి. తెర దాటాక ఆగడం ఎవరూ చూడరు కాబట్టి అక్కడ అక్కరలేదు. 20వ ఫ్రేము నుంచి మూడు సెకన్లు, అంటే 75 ఫ్రేములు నిలిపితే 95వ ఫ్రేములో మరోసారి X విలువ 200 కీఫ్రేము పెట్టాలి. 107వ ఫ్రేములో మళ్లీ -600. వెళ్లడానికి 12 ఫ్రేములు చాలు. చదవడం అయిపోయిన పేరు మీద ప్రేక్షకుడికి ఆసక్తి ఉండదు, అది మర్యాదగా త్వరగా తప్పుకోవాలి.

ఈ నిలిచే భాగంలోనే ఒక వింత లోపం కనిపిస్తుంది. రెండు కీఫ్రేముల్లోనూ 200 అనే ఇచ్చారు, అయినా మధ్యలో పట్టీ కొంచెం కుడివైపు జరిగి తిరిగి వస్తుంది. X, Y విడదీయకుండా Position మీదే కీఫ్రేములు పెట్టినవారికి ఇది ఎదురవుతుంది. కారణం వేగం కాదు, దారి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మామూలుగా ప్రయాణ మార్గాన్ని కూడా వంపుగా చేస్తుంది. ఎడమ నుంచి వచ్చిన దారిని 20వ ఫ్రేము దగ్గర తుంచకుండా ఆ ఊపులోనే ముందుకు సాగదీస్తుంది. అందుకే పట్టీ దాటి వెళ్లి వెనక్కి వస్తుంది. కీఫ్రేములు ఎంచుకుని Ctrl+Alt+K నొక్కి, Spatial Interpolation దగ్గర Linear పెడితే పోతుంది. మనం మొదటే Separate Dimensions ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే.

4.6 వంపు ఎంత వరకు?

ఈజింగ్ రుచి తెలిశాక హ్యాండిల్‌ను చివరిదాకా లాగాలనిపించడం సహజం. త్రిభుజం కంటే పదునైన వంపు తీసుకుందాం. వేగం 3000 దగ్గర మొదలై ముందు వేగంగా, తరవాత మెల్లగా సున్నాకు దిగుతుంది. దీన్ని క్యూబిక్ అంటారు. ఇప్పుడు 10వ ఫ్రేముకే 700 పిక్సెళ్లు, 15వ ఫ్రేముకు 787 పిక్సెళ్లు పూర్తవుతాయి. చివరి అయిదు ఫ్రేముల్లో మిగిలేది 13 పిక్సెళ్ల లోపే.

దీనివల్ల రెండు చివరలా ఇబ్బంది వస్తుంది. మొదటి ఫ్రేములోనే పట్టీ 114 పిక్సెళ్లు దూకుతుంది. సెకనుకు 25 ఫ్రేముల్లో అంత దూకుడును కన్ను ఒకే కదలికగా కలుపుకోలేదు, పట్టీ అంచు విడివిడి ముక్కలుగా మెరిసినట్టు కనిపిస్తుంది. లేయరుకు Motion Blur పెడితే ఇది చాలావరకు సర్దుకుంటుంది. షట్టర్ కోణం 180 డిగ్రీలు ఉంటే ఒక ఫ్రేములో కదిలిన దూరంలో సగం మేర మసక పడుతుంది. ఆ మసకే ఒక ఫ్రేమును మరొక ఫ్రేముతో కలుపుతుంది. రెండో చివర, అక్షరాలు ఫ్రేముకు ఒక్క పిక్సెల్ కంటే తక్కువగా పాకుతూ ఉంటాయి. లావు అక్షరాల్లో ఇది తెలియదు. సన్నని గీతలున్న ఫాంటులో మాత్రం అంచులు పదునెక్కుతూ, మసకబారుతూ వణికినట్టు ఉంటాయి. ఇలాంటప్పుడు వంపు కాస్త తగ్గించండి, లేదా చివరి రెండు మూడు ఫ్రేములు కోసి కదలికను ముందే ముగించండి. పేరు పట్టీలకు త్రిభుజానికి, క్యూబిక్‌కు మధ్యలో ఎక్కడో ఆగడం మేలని నా అభిప్రాయం.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి తెలుగు గురించి ఒక్క మాట. ఇంగ్లీషు టైటిళ్లలో ఒక్కో అక్షరం విడిగా ఎగిరివచ్చి కూర్చునే ఎఫెక్టు చూసి మనవాళ్లు తెలుగులోనూ ప్రయత్నిస్తారు. మన అక్షరంలో ఒత్తు, గుడి, కొమ్ము కలిసి ఒక రూపం. సాఫ్ట్‌వేర్ వాటిని విడి గుర్తులుగా లెక్కిస్తే ‘పద్మ’లోని మ ఒత్తు ఒక ఫ్రేము, ద మరో ఫ్రేము రావచ్చు. Range Selector కింద Advanced లో Based On అనే చోట Characters బదులు Words పెట్టండి. పదం పదంగా వస్తే చదవడానికీ బాగుంటుంది.

4.7 లోగో పైనుంచి పడితే

ఇక రెండో ఉదాహరణ. 200 పిక్సెళ్ల ఎత్తున్న లోగో తెర పైనుంచి పడి, రెండుసార్లు ఎగిరి, మధ్యలో నిలవాలి. (న్యాయస్థానం గురించిన డాక్యుమెంటరీకి ఎగిరే లోగో పెట్టకండి. చిన్నపిల్లల చాక్లెట్ ప్రకటనకు పెట్టండి.) ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో Y విలువ కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. మొదట లోగో మధ్యభాగం Y విలువ -100, నేల అనుకున్న చోటు 540. పడే దూరం 640 పిక్సెళ్లు.

పడే వస్తువు నెమ్మదించదు. గురుత్వాకర్షణ వల్ల దాని వేగం సమానమైన రేటుతో పెరుగుతుంది. బస్సు బ్రేకు త్రిభుజాన్ని తిరగేస్తే ఇదే. 16 ఫ్రేముల్లో, అంటే 0.64 సెకనులో 640 పిక్సెళ్లు పడితే సగటు వేగం 1000. త్రిభుజం కాబట్టి నేలను తాకేటప్పుడు వేగం దానికి రెట్టింపు, 2000.

తాకాక ఎంత ఎగరాలి? పాఠశాలలో చదివిన భౌతికశాస్త్రం ఇక్కడ పనికొస్తుంది. ఎత్తు నాలుగో వంతు అయితే ఆ ఎత్తు నుంచి పడే సమయం సగమవుతుంది, నేలను తాకే వేగమూ సగమవుతుంది. 640లో నాలుగో వంతు 160. కాబట్టి 8 ఫ్రేములు పైకి, 8 ఫ్రేములు కిందికి. దానిలో నాలుగో వంతు 40. 4 ఫ్రేములు పైకి, 4 కిందికి. అలా Y కీఫ్రేములు ఇవి: 0వ ఫ్రేములో -100, 16లో 540, 24లో 380, 32లో 540, 36లో 500, 40లో 540.

చాలామంది ఈ ఆరు కీఫ్రేములనూ ఒకేసారి ఎంచుకుని F9 నొక్కేస్తారు. దాంతో లోగో నేలకు చేరువవుతూ నెమ్మదించి, మెత్తగా తాకి, మళ్లీ మెత్తగా లేస్తుంది. నీళ్లలో మునిగిన బెలూను లాగా! గ్రాఫులో చూస్తే 16, 32 ఫ్రేముల దగ్గర వేగం సున్నాను తాకుతుంది. అదే తప్పుకు గుర్తు. నేల దగ్గర వేగం గరిష్ఠంగా ఉండాలి, దిశ మాత్రం ఒక్కసారిగా మారాలి.

కాబట్టి F9 మూడు చోట్లే ఇవ్వండి: మొదటి కీఫ్రేముకు, ఎగిరిన ఎత్తుల దగ్గరి 24, 36 ఫ్రేములకు. నేల దగ్గర Keyframe Velocity పెట్టె తెరిచి Continuous గుర్తు తీసేయండి, లేకపోతే వచ్చే వేగం, వెళ్లే వేగం ఒకటిగా అతుక్కుపోతాయి. 16వ ఫ్రేములో వచ్చే వేగం 2000, వెళ్లే వేగం -1000. మైనస్ గుర్తు పైకి వెళ్లడాన్ని సూచిస్తుంది. 32వ ఫ్రేములో వచ్చేది 1000, వెళ్లేది -500. 40వ ఫ్రేములో వచ్చేది 500. Influence అన్నిచోట్లా 33.33. విలువల గ్రాఫుకు మారి చూడండి. నేల దగ్గర పదునైన మొనలు, ఎగిరిన ఎత్తుల దగ్గర గుండ్రని వంపులు కనిపించాలి.

ఒక చిక్కు మిగిలింది. పడటం సహజంగానే నెమ్మదిగా మొదలవుతుంది కదా, మొదటి 4 ఫ్రేముల్లో లోగో 40 పిక్సెళ్లే కనిపిస్తుంది. అది ఆలస్యంగా అనిపిస్తే వక్రరేఖను పాడుచేయకండి. లేయరు మొదలును 4వ ఫ్రేము దాకా కత్తిరించి, మొత్తాన్ని నాలుగు ఫ్రేములు ముందుకు జరపండి. అప్పుడు లోగో వేగం పుంజుకున్నాకే తెరలోకి వస్తుంది.

4.8 అభ్యాసం

పైన చెప్పిన పేరు పట్టీని మూడు కాపీలుగా, ఒకదాని కింద ఒకటి పెట్టండి. మొదటిదానికి సమవేగం, రెండోదానికి F9, మూడోదానికి 2000 నుంచి సున్నాకు దిగే త్రిభుజం ఇవ్వండి. 5వ ఫ్రేము దగ్గర ఆపి మూడింటి X విలువలు రాసుకోండి. అవి వరసగా -400, -475, -250 రావాలి. మూడోది తేడాగా వస్తే మొదటి కీఫ్రేము Influence 33.33 ఉందో లేదో చూడండి. తరవాత పట్టీలో పేరును, హోదాను రెండు లేయర్లుగా విడదీసి, హోదా లేయరును 3 ఫ్రేములు ఆలస్యంగా మొదలుపెట్టండి. రెండింటికీ వక్రరేఖ ఒకటే ఉంచండి. ఆ ఆలస్యాన్ని 10 ఫ్రేములకు పెంచితే రెండు వరసలూ ఒకే పట్టీకి చెందినట్టు కనిపిస్తాయా, విడిపోయినట్టు కనిపిస్తాయా? మీరు చూసినదాన్ని అయిదారు వాక్యాల్లో రాయండి.